మూలశంక ఆపరేషన్ తరువాత మేనేజరుకు సెలవు లేఖ: రోజుల లెక్క నుంచి సంతకం దాకా

పైల్స్ ఆపరేషన్ అంటే రెండు మూడు రోజుల పని అనుకుని ఆ మేరకే సెలవు పెట్టి, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఇంకా పది రోజులు కదలకూడదని డాక్టరు చెప్పినప్పుడు మేనేజరుకు ఏమని రాయాలో తోచడం లేదని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. వారి కోసమే ఈ మార్గదర్శి. కొన్నేళ్లపాటు ఒక కర్మాగారంలో సెలవుల రిజిస్టరు చూసిన అనుభవంతో, ఏ లేఖ ఒక్క సంతకంతో తేలిపోతుందో, ఏది మూడు బల్లల చుట్టూ తిరుగుతుందో చూసి రాస్తున్నాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఉద్యోగి ఇల్లు శ్రీకాకుళంలో. పని పైడిభీమవరంలోని ఒక మందుల కర్మాగారంలో స్టోర్స్ అసిస్టెంటుగా. రోజూ కంపెనీ బస్సులో వెళ్లి రావాలి. సగం పని కుర్చీలో, సగం పని డ్రమ్ములు, బస్తాల మధ్య. ఆదివారం వారాంతపు సెలవు. 2025 నవంబరు 10 సోమవారం ఆపరేషన్ జరిగింది, 12 బుధవారం డిశ్చార్జి అయ్యారు. 10, 11, 12 తేదీలకు ముందే క్యాజువల్ లీవు పెట్టి ఉన్నారు.

1. రాయడానికి కూర్చునే ముందు

లేఖ రాయడానికి పావుగంట చాలు. అందులోకి కావలసిన వివరాలు చేతిలో లేకపోతే మాత్రం అది రెండు రోజులు పడుతుంది. డిశ్చార్జి అయ్యే రోజు ఆసుపత్రి గడప దాటక ముందే వీటిని సరిచూసుకోండి. బస్సు ఎక్కి ఇంటికి వచ్చేశాక ఒక్క తేదీ దిద్దించుకోవడానికి మళ్లీ వెళ్లి వచ్చే ఓపిక అప్పటికి ఉండదు.

- వైద్య ధ్రువపత్రం: విశ్రాంతి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో అందులో ఉండాలి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి ముద్ర ఉండాలి.
- తిరిగి చూపించుకోవలసిన తేదీ.
- మీ ఖాతాలో మిగిలిన సెలవులు: క్యాజువల్, సిక్, ఎర్న్‌డ్ విడివిడిగా.
- ముందు పెట్టిన సెలవు తాలూకు సందేశం లేదా దరఖాస్తు.
- మీ బల్ల మీద ఆగిపోయిన పని ఏదో, ఆ కాగితాలు ఎక్కడున్నాయో.

మొదటి అంశం దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. ధ్రువపత్రంలో "14 రోజుల విశ్రాంతి అవసరం" అని మాత్రమే ఉంటే, ఆ 14 రోజులు ఆపరేషన్ రోజు నుంచా, డిశ్చార్జి నుంచా అన్న ప్రశ్న ఆఫీసులో తప్పకుండా వస్తుంది. మన ఉదాహరణలో ఆపరేషన్ నుంచి లెక్కిస్తే 23వ తేదీతో ముగుస్తుంది, డిశ్చార్జి నుంచి లెక్కిస్తే 25తో ముగుస్తుంది. "10-11-2025 నుంచి 23-11-2025 వరకు" అని రెండు తేదీలూ రాయమని డాక్టరు గారిని అడగండి. అడిగితే రాస్తారు.

2. ఎన్ని రోజులు అడగాలి

ఈ సంఖ్య డాక్టరు చెప్పవలసినదే. అయితే దాని వెనుక కారణం మీకు తెలిసి ఉంటే, మేనేజరు అడిగినప్పుడు తడబడకుండా చెప్పగలుగుతారు.

మొలలను కోసి తీసే పాత పద్ధతి ఆపరేషన్‌లో పుండు తరచుగా కుట్లు లేకుండా తెరిచే ఉంచుతారు. అది లోపలి నుంచి మెల్లగా పూడాలి. పూర్తిగా మానడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పనిలోకి వెళ్లడానికి మాత్రం చాలామందికి రెండు వారాలో, అంతకు కొంచెం ఎక్కువో అవసరమవుతుంది. స్టేప్లర్ పద్ధతిలో, లేజర్ పద్ధతిలో నొప్పి తక్కువగా ఉండి త్వరగా తిరిగి రాగలుగుతారు. అందుకే "మా బావమరిది నాలుగో రోజుకే డ్యూటీకి వచ్చాడు" అని ఎవరైనా అన్నప్పుడు, ఆయనకు జరిగినది ఏ పద్ధతో తెలియకుండా మీ రోజులు తగ్గించుకోకండి.

ఈ సెలవు ఎందుకు అవసరమో మేనేజరుకు తెలియకపోవడం సహజం. పైకి కట్టు కనిపించదు, కర్ర పట్టుకుని నడవరు. అసలు ఇబ్బంది ఉదయం విరేచనానికి వెళ్లాక మొదలవుతుంది. నొప్పి ఒక్కొక్కసారి గంటల తరబడి ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్ల తొట్టెలో పది పదిహేను నిమిషాలు కూర్చోమని చెబుతారు. ఇంట్లోనైతే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తెచ్చుకుని, మోచేయి ముంచి వేడి చూసుకుని, గోడ పట్టుకుని మెల్లగా అందులో కూర్చుంటారు. కర్మాగారం మరుగుదొడ్డిలో ఆ వీలు లేదు. దానికి తోడు మొదటి వారంలో గంటసేపు బస్సు కుదుపు, తరువాత ఎనిమిది గంటల కుర్చీ. ఈ వివరమంతా లేఖలో రాయనక్కర లేదు, "ఎక్కువసేపు కూర్చోవడం, ప్రయాణం, బరువులు ఎత్తడం కూడదు" అన్న ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ధ్రువపత్రంలో కూడా ఉంటే మరీ మంచిది.

ఇక లెక్క. విశ్రాంతి 23 ఆదివారంతో ముగుస్తుంది కాబట్టి హాజరు 24 సోమవారం. 10, 11, 12 ముందే పెట్టినవి. మిగిలినవి 13, 14, 15 తేదీలు మూడు రోజులు, మధ్యలో 16 ఆదివారం, తరువాత 17 నుంచి 22 వరకు ఆరు రోజులు. మొత్తం 9 పనిదినాలు. ఈ ఉద్యోగి ఖాతాలో 6 రోజుల సిక్ లీవు, 3 రోజుల ఎర్న్‌డ్ లీవు ఉన్నాయనుకుందాం. సరిగ్గా సరిపోతాయి.

ఇక్కడ రెండు నిబంధనలు ముందే కనుక్కోవాలి. కొన్ని కంపెనీలు సెలవుల మధ్య వచ్చే ఆదివారాన్ని కూడా సెలవుగానే లెక్కిస్తాయి. అప్పుడు 16వ తేదీ కలిసి 10 రోజులై, ఒక రోజు జీతం కోత పడుతుంది. మరికొన్ని చోట్ల క్యాజువల్ లీవుకు వెంటనే మరో రకం సెలవు కలపనివ్వరు. అలాంటప్పుడు మొదటి మూడు రోజులను కూడా వేరే ఖాతాకు మార్చమని అడగవలసి వస్తుంది. నేను రిజిస్టరు చూసిన చోట ఒక హెల్పరు "అయిదు రోజులు సెలవు కావాలి" అని తేదీలు లేకుండా రాశాడు. మధ్యలో ఆదివారం వచ్చింది. అది పోగా అయిదనుకుని అతను ఒక రోజు ఆలస్యంగా వచ్చాడు, కలుపుకుని అయిదనుకుని మేము గైర్హాజరు వేశాము. అతని తప్పు లేదని అందరికీ తెలుసు, అయినా ఆ రోజు జీతం తిరిగి రావడానికి తరువాతి నెల దాకా పట్టింది.

ఈఎస్‌ఐ కిందకు వచ్చేవారికి, అంటే నెల వేతనం 21,000 రూపాయలు దాటనివారికి, మరో సంగతి ఉంది. ఈఎస్‌ఐ నుంచి అనారోగ్య భత్యం కావాలంటే ప్రైవేటు ఆసుపత్రి కాగితం ఒక్కటే సరిపోదు, ఈఎస్‌ఐ డాక్టరు ధ్రువపత్రం కావాలి. ఆ భత్యం వేతనంలో 70 శాతం. జీతంతో కూడిన సెలవు పెట్టిన రోజులకే మళ్లీ ఈ భత్యం తీసుకోకూడదు. కాబట్టి ఏ రోజులు దేని కింద పెడుతున్నారో తేల్చుకున్నాకే లేఖ రాయండి.

3. జబ్బు పేరు ఎంతవరకు చెప్పాలి

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సిగ్గుపడి "జ్వరం" అని రాసినవారిని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కంపెనీ బీమా మీద ఆపరేషన్ జరిగి ఉంటే ఆ కాగితాలు హెచ్‌ఆర్ చేతికే వస్తాయి. జ్వరం అన్న లేఖ, మూలశంక అన్న బిల్లు ఒకే ఫైలులో చేరితే, నిజమైన ఆపరేషన్ కూడా అనుమానం పాలవుతుంది.

అబద్ధం అవసరం లేదు, పూర్తి వివరమూ అవసరం లేదు. మూడు స్థాయిల్లో మీకు నచ్చినది ఎంచుకోవచ్చు. మొదటిది "శస్త్రచికిత్స" అని మాత్రమే రాయడం. రెండవది "మూలశంకకు శస్త్రచికిత్స" అని రాయడం. మూడవది ఏ పద్ధతి, ఎన్ని మొలలు, ఎంత రక్తం పోయింది అని రాయడం. మూడవది ఎవరికీ వద్దు. నా అభిప్రాయంలో రెండవదే సౌకర్యం. ఎందుకంటే పేరు చెప్పకపోతే "ఏ ఆపరేషను బాబూ, ఏటైంది?" అని పరామర్శకు వచ్చిన ప్రతివారికీ విడిగా సమాధానం చెప్పుకోవాలి. మూలశంక అన్నది మనవైపు అందరూ మర్యాదగా పలికే మాట. మొలలు అన్నా తప్పు లేదు, లేఖలో మాత్రం మూలశంక అంటే హుందాగా ఉంటుంది.

మేనేజరుకు చెప్పడం ఇబ్బందిగా ఉన్నవారు, ముఖ్యంగా మగ మేనేజరు కింద పనిచేసే స్త్రీలు, మొదటి స్థాయి దగ్గర ఆగి, "వైద్య ధ్రువపత్రాన్ని హెచ్‌ఆర్ విభాగానికి అందజేశాను" అని చేర్చితే సరిపోతుంది. అయితే లేఖలో పేరు దాచి, జబ్బు పేరు పెద్ద అక్షరాలతో ఉన్న ధ్రువపత్రాన్ని అదే మెయిలుకు జతచేస్తే దాచిన ప్రయోజనం లేదు.

డిశ్చార్జి సమ్మరీ విషయంలో జాగ్రత్త. ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల ఫలితాలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలతో సహా, చాలాసార్లు అందులోనే ఉంటాయి. దానిని విభాగం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మేనేజరుకు ధ్రువపత్రం చాలు. సమ్మరీ కావాలని హెచ్‌ఆర్ అడిగితే వారికి మాత్రమే నేరుగా ఇవ్వండి.

4. లేఖలో వరుస

మేనేజరు కళ్లు మొదట తేదీల కోసం వెతుకుతాయి. అందుకే విషయం గీతలోనే తేదీలు ఉండాలి. తరువాత జరిగినది రెండు మూడు వాక్యాల్లో, డాక్టరు సలహా ఒక వాక్యంలో, అడిగే రోజుల లెక్క, ఆగిన పని, తిరిగి వచ్చే తేదీ. ఈ వరుస మార్చకండి. బాధతో మొదలుపెట్టి చివరి పేరాలో రోజులు చెప్పే లేఖ పూర్తిగా చదవకుండానే పక్కన పడుతుంది.

5. పూర్తి నమూనా

డిశ్చార్జి అయిన 12వ తేదీ సాయంత్రమే, అంటే కొత్త సెలవు మొదలుకాకముందే పంపుతున్నట్టు రాసినది ఇది.

> శ్రీకాకుళం,
> 12-11-2025.
>
> గౌరవనీయులైన స్టోర్స్ మేనేజరు గారికి,
> (కంపెనీ పేరు), పైడిభీమవరం.
>
> విషయం: శస్త్రచికిత్స అనంతరం 13-11-2025 నుంచి 22-11-2025 వరకు 9 పనిదినాల సెలవు కోరుట గురించి.
>
> ఆర్యా,
>
> నేను తమ విభాగంలో స్టోర్స్ అసిస్టెంటుగా (ఉద్యోగి సంఖ్య ........) పనిచేస్తున్నాను. 10-11-2025 సోమవారం నాడు నాకు మూలశంకకు శస్త్రచికిత్స జరిగింది. ఇందుకోసం 10, 11, 12 తేదీలకు తమరు క్యాజువల్ లీవు మంజూరు చేసి ఉన్నారు. ఈ రోజు ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యాను.
>
> 23-11-2025 వరకు విశ్రాంతి తీసుకోవాలని, ఈ వ్యవధిలో ఎక్కువసేపు కూర్చోవడం, ప్రయాణం చేయడం, బరువులు ఎత్తడం కూడదని డాక్టరు గారు ధ్రువపత్రం ఇచ్చారు. కావున 13 నుంచి 15 వరకు మూడు రోజులు, 17 నుంచి 22 వరకు ఆరు రోజులు, మొత్తం 9 పనిదినాలకు సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. నా ఖాతాలో ఉన్న 6 రోజుల సిక్ లీవు, 3 రోజుల ఎర్న్‌డ్ లీవు నుంచి సర్దుబాటు చేయగలరు.
>
> 8వ తేదీ మధ్యాహ్నం వరకు వచ్చిన సరుకు ఎంట్రీలు పూర్తిచేశాను. ఆ సాయంత్రం దిగిన రెండు లోడ్ల ఎంట్రీ మాత్రం మిగిలి ఉంది. వాటి చలాన్లు నా బల్ల ఎడమ సొరుగులో నీలం ఫైలులో ఉన్నాయి. తాళం చెవి షిఫ్టు ఇన్‌చార్జి గారి వద్ద ఉంది. సందేహాలుంటే ఉదయం 11 నుంచి 12 గంటల మధ్య ఫోనులో అందుబాటులో ఉంటాను.
>
> 19-11-2025 నాడు డాక్టరు గారికి తిరిగి చూపించుకోవాలి. ఆనాటి సలహాలో మార్పు ఉంటే అదే రోజు తమకు తెలియజేస్తాను. లేనిచో 24-11-2025 సోమవారం ఉదయం షిఫ్టుకు ఫిట్‌నెస్ ధ్రువపత్రంతో హాజరవుతాను.
>
> ఇట్లు,
> తమ విధేయుడు,
> (సంతకం, పేరు, ఫోను నంబరు)
>
> జతపరచినది: వైద్య ధ్రువపత్రం.

ఫోనులో అందుబాటులో ఉండే సమయం ఒక్క గంటకే పరిమితం చేయడం గమనించండి. ఉదయపు బాధ, నీళ్ల తొట్టె, మందులు ముగిసి కాస్త స్థిమితపడే వేళ అది. "ఎప్పుడైనా ఫోను చేయవచ్చు" అని రాస్తే నిజంగానే ఎప్పుడైనా చేస్తారు.

పై అధికారులు తెలుగు చదవలేనివారైతే ఇదే వరుసతో ఇంగ్లిషు ప్రతి తయారుచేసి, తేదీలు రెండింటిలోనూ ఒక్కటేనా అని సరిచూసి పంపండి.

6. లేఖ వెనక్కి వచ్చే తప్పులు, వాటికి సవరణలు

*తేదీలు పొసగకపోవడం.* ధ్రువపత్రంలో 23 వరకు అని, లేఖలో 25 వరకు అని ఉంటే లేఖ ఆగిపోతుంది. అదనంగా రెండు రోజులు కావాలనుకుంటే లేఖలో పెంచకండి, డాక్టరు చేత రాయించుకోండి.

*ఆసుపత్రిలో ఉన్న రోజులకే ధ్రువపత్రం ఉండడం.* "10 నుంచి 12 వరకు ఇన్‌పేషెంటుగా ఉన్నారు" అన్న కాగితం విశ్రాంతికి ఆధారం కాదు. ఇంటికి వచ్చాక గమనిస్తే, ముందు లేఖ పంపి "విశ్రాంతి ధ్రువపత్రం 19న జతచేస్తాను" అని ఒక వాక్యం చేర్చండి. కాగితం కోసం లేఖ ఆపకండి.

*తప్పక వస్తానని మాట ఇవ్వడం.* "ఎట్టి పరిస్థితుల్లోనూ 24న హాజరవుతాను" అని రాయడం నిజాయితీగా కనిపిస్తుంది గానీ, ఈ ఆపరేషన్ విషయంలో అది మీ చేతిలో లేదు. సాధారణంగా ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య పుండు మీది పొర ఊడే సమయంలో కొందరికి మళ్లీ రక్తం పడుతుంది. మన ఉదాహరణలో ఆ రోజులు సరిగ్గా 17 నుంచి 24 దాకా వస్తాయి. నమూనాలో 19వ తేదీ వాక్యం పెట్టినది అందుకే.

7. పంపే విధానం

ముందు మేనేజరు గారికి ఫోను చేసి రెండు మాటల్లో చెప్పండి, తరువాత లేఖ పంపండి. మెయిలు ఉంటే మెయిలుకు, హెచ్‌ఆర్‌కు ప్రతి జతచేసి. కాగితమే కావాలన్న చోట సంతకం చేసిన లేఖను సహోద్యోగి చేత పంపి, ప్రతి మీద "అందినది" అని తేదీతో సంతకం తెప్పించుకోండి. వాట్సాప్‌లో ఫొటో పంపడం మేనేజరుకు తెలియజేయడానికి పనికివస్తుంది. మంజూరు కావాలంటే చాలాచోట్ల దరఖాస్తు విడిగా ఉండాలి.

సమాధానం రాకపోతే సెలవు మంజూరైందని అనుకోకండి. రెండో రోజు "నా సెలవు దరఖాస్తు మంజూరైనదా, దయచేసి తెలియజేయగలరు" అని ఒక్క గీత పంపండి.

8. సెలవు పొడిగించవలసి వస్తే

కాగితానికి అంటిన కొద్దిపాటి ఎర్రమరకలు మొదటి వారాల్లో మామూలే. రక్తం ఆగకుండా కారినా, గడ్డలుగా పడినా, కళ్లు తిరిగినా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా లేఖ సంగతి పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లోవారి చేత ఆఫీసుకు ఒక ఫోను చేయిస్తే ఆ రోజుకు చాలు.

19న డాక్టరు మరో నాలుగు రోజులు చెప్పారనుకుందాం. కొత్త లేఖ మళ్లీ మొదటి నుంచి రాయనక్కర లేదు:

> 12-11-2025 నాటి నా దరఖాస్తుకు కొనసాగింపుగా. ఈ రోజు పరీక్షించిన డాక్టరు గారు విశ్రాంతిని 27-11-2025 వరకు పొడిగించారు. కావున 24 నుంచి 27 వరకు 4 పనిదినాలు సెలవు పొడిగించవలసిందిగా కోరుతున్నాను. సెలవు నిల్వ లేనందున ఈ 4 రోజులను జీతం లేని సెలవుగా పరిగణించగలరు. 28-11-2025 శుక్రవారం హాజరవుతాను. కొత్త ధ్రువపత్రం జతపరిచాను.

జీతం లేని సెలవు అని మీరే రాయడం నష్టంగా తోచవచ్చు. రాయకపోతే అది అనుమతి లేని గైర్హాజరుగా నమోదయ్యే ప్రమాదం ఉంది, దాని నష్టం అంతకన్నా పెద్దది.

9. హాజరైన రోజు ఇవ్వవలసిన చిన్న కాగితం

స్టోర్స్ పనిలో ఉన్నవారికి ఇది తప్పనిసరి అని నా ఉద్దేశం. పుండు పూర్తిగా మానకముందే పనిలోకి వస్తున్నారు కాబట్టి, మొదటి రోజే డ్రమ్ము ఎత్తమంటే నోటిమాటతో కాదనడం కష్టం. ఫిట్‌నెస్ ధ్రువపత్రంలో "రెండు వారాలపాటు బరువులు ఎత్తకూడదు" అని డాక్టరు చేత రాయించుకుని, దానితోపాటు ఇలా ఇవ్వండి:

> నేటి నుంచి విధులకు హాజరయ్యాను. డాక్టరు గారి సలహా మేరకు రెండు వారాలపాటు నన్ను ఎంట్రీ, రిజిస్టరు పనులకు కేటాయించవలసిందిగా, గంటకొకసారి అయిదు నిమిషాలు లేచి నడిచేందుకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను.

ఈ కాగితం ప్రతిని షిఫ్టు ఇన్‌చార్జి గారికి కూడా ఇవ్వండి. డ్రమ్ములు ఎవరు ఎత్తాలో రోజూ చెప్పేది ఆయనే.